విదేశీ చదువుకు వెళ్ళాలా వద్దా: మూడో ఇల్లు, తొమ్మిదో ఇల్లు కలిపి ఎలా చూసుకోవాలి

ఎంఎస్‌కి వెళ్దామా అని ఆలోచించే పిల్లలు జాతకం తీసి ముందుగా అడిగేది "నాకు విదేశీ యోగం ఉందా?" అనే. ఈ ప్రశ్నకి ఉంది, లేదు అని ఒక్క ముక్కలో జవాబు చెబితే మీకు ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే పన్నెండో ఇంటితోనో రాహువుతోనో ఏదో ఒక సంబంధం దాదాపు ప్రతి జాతకంలోనూ చూపించొచ్చు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ప్రయాణం నిజంగా చదువు కోసమేనా? దానికి ముందు పడాల్సిన కష్టం నేను పడగలనా? ఏ సంవత్సరం బయలుదేరితే బాగుంటుంది? నేను వెళ్తే ఇంట్లో తమ్ముడి మీదో చెల్లెలి మీదో పడే భారం ఎంత? జ్యోతిషంలో వీటికి మూడో ఇంటినీ తొమ్మిదో ఇంటినీ జంటగా చూస్తారు. తొమ్మిదిని మాత్రమే చూసి వదిలేయడం వల్లే సగం గందరగోళం వస్తుంది. కాబట్టి రెండూ కలిపి ఎలా చూడాలో ఒక ఉదాహరణ జాతకం పెట్టుకుని చెబుతాను, మీ చక్రం పక్కన పెట్టుకుని చదవండి.

ముందు పుట్టిన టైము సరిచూసుకోండి

బర్త్ సర్టిఫికెట్లో తేదీ ఉంటుంది, చాలాసార్లు టైము ఉండదు. అమ్మ చెప్పిన టైము ఉంటే సరే, కానీ ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం దొరికితే దానితో ఒకసారి పోల్చుకోండి. ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారే లోపు పుట్టినవాళ్ళు జాగ్రత్త. మన ఇళ్ళలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి శనివారం రాత్రి ఒంటిగంటన్నరకి పుట్టిన పిల్లని శనివారం పుట్టిందనే అంటారు, కానీ ఇంగ్లీషు తేదీ ప్రకారం అది ఆదివారం. ఆ ఒక్క రోజు తేడాతో చంద్రుడు దాదాపు ఒక నక్షత్రం జరిగిపోతాడు, దశలన్నీ మారిపోతాయి.

లగ్నం సుమారు రెండు గంటలకి ఒకటి మారుతుంది కాబట్టి పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఏముందిలే అనుకుంటాం. లగ్నం రాశి చివర్లోనో మొదట్లోనో లేకపోతే అది అలాగే నిలుస్తుంది, నిజమే. కానీ దశ అలా కాదు. పుట్టుకతోనే శని దశ నడిచే అనూరాధ నక్షత్రంవాళ్ళకి పావుగంట తేడా వస్తే మిగిలిన శని దశ రెండు నెలలకి పైగానే అటో ఇటో జరుగుతుంది. ఏ ఇన్‌టేక్‌కి వెళ్ళాలి అని నెలల లెక్కలో చూసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

చక్రం వేయడానికి జగన్నాథ హోర లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అయనాంశ లాహిరి అని ఉందో లేదో చూసుకోండి, పుట్టిన ఊరు సరిగ్గా ఎంచుకోండి. ఇంట్లో పాత జాతకం పాతకాలపు సూత్రాలతో లెక్కకట్టే వాక్య పంచాంగంతో వేసినదైతే దానికీ దీనికీ కొంచెం తేడా రావచ్చు. రెండిట్లో ఒకటే పద్ధతి పట్టుకుని చివరిదాకా దానితోనే వెళ్ళండి, మధ్యలో కలపొద్దు.

ఇళ్ళు లెక్కపెట్టడం, ఏ ఇల్లు దేనికో తెలుసుకోవడం

మన చక్రంలో "ల" అని రాసిన గడిని ఒకటిగా పెట్టుకుని ప్రదక్షిణంగా లెక్కపెట్టండి. లగ్నం పక్క గడి నుంచి ఒకటి అని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, అలా చేస్తే మూడు అనుకున్నది నాలుగవుతుంది, అంతా పోతుంది.

తొమ్మిదోది భాగ్యస్థానం. పై చదువు, గురువు, ధర్మం, దూర ప్రయాణం ఇవన్నీ ఇక్కడివే, మన దక్షిణాదిలో తండ్రిని కూడా ఇక్కడినుంచే చూస్తాం. ఒకే ఇంటికి ఇన్ని ఎందుకు కట్టారా అనిపిస్తుంది కానీ పాతకాలంలో పెద్ద చదువంటే ఊరు దాటి గురువు దగ్గరికి వెళ్ళడమే, ఆ గురువు చెప్పినదే నమ్మి బతకడమే. కాబట్టి ఇవి విడివిడి అర్థాలు కావు.

మూడోది భ్రాతృస్థానం. తర్వాత పుట్టిన తోబుట్టువులు, సొంత పూనిక, ధైర్యం, రాయడం, మాట్లాడటం, దగ్గర ప్రయాణాలు. అన్న, అక్కల సంగతి పదకొండో ఇంట్లో చూడాలి, ఇది గుర్తుపెట్టుకోండి, చాలామంది అందరినీ మూడులో వేసేస్తారు. విదేశీ చదువుకి మూడో ఇల్లు ఎందుకు అంత ముఖ్యమంటే రెండు కారణాలు. ఒకటి, టెస్టులు రాయడం, ఎస్ఓపీ రాయడం, వీసా ఇంటర్వ్యూలో మాట్లాడటం అన్నీ దాని పనులే. రెండోది ఇంకా లోతైనది. నాలుగో ఇల్లు అంటే సొంత ఇల్లు, అమ్మ, సుఖం. నాలుగుకి పన్నెండోది మూడు. అంటే ఇంటి సుఖం వదులుకోవడం మూడో ఇంటి పని. తొమ్మిది బాగుండి మూడు బలహీనంగా ఉంటే అడ్మిట్ చేతికొచ్చాక కూడా కాలు కదలదు. మూడు బాగుండి తొమ్మిది బలహీనమైతే ప్రయాణం జరుగుతుంది, చదువు పక్కదారి పడుతుంది.

ఇక వెళ్ళి అక్కడ ఉండిపోవడం పన్నెండుది. డిగ్రీ స్థాయి చదువుకి నాలుగు, తెలివికి అయిదు. ఈ మూడింటినీ అవసరమైనప్పుడు మాత్రమే తీసుకుందాం.

ఉదాహరణ జాతకం

ఇది వివరించడానికి వేసుకున్న చక్రం, ఎవరిదీ కాదు. ఒక అమ్మాయి, 2004లో సంక్రాంతి వెళ్ళిన వెంటనే, హైదరాబాద్‌లో, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో పుట్టింది అనుకుందాం. తులా లగ్నం, లగ్నంలో కేతువు. చంద్రుడు అనూరాధలో, వృశ్చికంలో. బుధుడు ధనుస్సులో, రవి మకరంలో, శుక్రుడు కుంభంలో, కుజుడు మీనంలో, రాహువు మేషంలో, శని మిథునంలో, గురువు సింహంలో. బీటెక్ అయింది, ఏడాదిగా ఉద్యోగం చేస్తోంది, ఒక తమ్ముడున్నాడు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేయండి, ప్రతి ఇంటికీ ఇవే. ఇంటి అధిపతి ఎవరు, ఎక్కడున్నాడు? ఇంట్లో ఎవరున్నారు? ఎవరు చూస్తున్నారు? దృష్టి విషయంలో అందరికీ ఏడో చూపు ఉంటుంది, దానికి తోడు కుజుడికి నాలుగు, ఎనిమిది. గురువుకి అయిదు, తొమ్మిది. శనికి మూడు, పది ఉంటాయి.

తులకి తొమ్మిదోది మిథునం, అధిపతి బుధుడు. ఈ లగ్నానికి పన్నెండోదైన కన్యకి కూడా బుధుడే అధిపతి. అంటే పై చదువు, పరదేశ వాసం రెండూ ఒక్క గ్రహం చేతిలో ఉన్నాయి. ఆ బుధుడు ధనుస్సులో, అంటే సరిగ్గా మూడో ఇంట్లో కూర్చుని ఏడో చూపుతో తన మిథునాన్ని తనే చూసుకుంటున్నాడు. రవికి ఇరవై డిగ్రీలకు పైగా దూరంగా ఉన్నాడు కాబట్టి అస్తంగత్వం, అంటే రవి దగ్గరలో బలం పోవడం, లేదు. ఇలాంటి అమ్మాయికి పై చదువు దానంతట అది రాదు, తను రాసిన కాగితం వల్ల, మాట్లాడిన మాట వల్ల వస్తుంది. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చిన ఎస్ఓపీ మీద ఆధారపడితే తనకున్న బలాన్ని తనే పక్కన పెట్టినట్టు.

తొమ్మిదిలో శని ఉన్నాడు. ఇక్కడే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, "భాగ్యంలో శని, ఇంకేం భాగ్యం" అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆగి, ఈ లగ్నానికి శని ఎవరో చూడండి. తులకి నాలుగు, అయిదు ఇళ్ళ అధిపతి శని, అంటే చదువుకీ తెలివికీ అధిపతి, ఈ లగ్నానికి బాగా మేలు చేసే యోగకారకుడు. పైగా మిథునం అతనికి మిత్రుడి ఇల్లు. చదువు అధిపతి దూర ప్రయాణపు ఇంట్లో కూర్చున్నాడు, ఇది చదువు కోసం దూరం వెళ్ళడాన్నే చెబుతుంది. శని ఆలస్యం మాత్రం తప్పించడు: తోటివాళ్ళకంటే ఏడాదో రెండేళ్ళో వెనక, ఒకసారి తిరస్కారం తర్వాత, ఎక్కువ కాగితాలతో. అదే శని కర్కాటక లగ్నానికి ఏడు, ఎనిమిది ఇళ్ళ అధిపతి అవుతాడు, అక్కడ తొమ్మిదిలో ఉంటే ఇంత ధైర్యంగా చెప్పలేం. అందుకే "ఫలానా గ్రహం ఫలానా ఇంట్లో ఉంటే ఇంతే" అనే వీడియోలు చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, లగ్నం తెలియకుండా ఆ మాటకి విలువ లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. వృషభ, సింహ, వృశ్చిక, కుంభ లగ్నాలవాళ్ళకి తొమ్మిదో ఇల్లే బాధకస్థానం, అంటే అడ్డంకులు తెచ్చే ఇల్లు, అవుతుంది. మీది ఈ నాలుగింట్లో ఒకటైతే తొమ్మిదో అధిపతి దశలో ప్రయాణం వస్తుంది, దానితో పాటు ఏదో ఒక చిక్కు కూడా రావచ్చు అని చెప్పుకుంటారు. భయపడాల్సింది కాదు, డాక్యుమెంట్లూ డబ్బూ ఒక మెట్టు ఎక్కువ సిద్ధంగా పెట్టుకోవడం మంచిది.

తోబుట్టువులు, డబ్బు: ఎవరూ చూడని భాగం

మూడోది ధనుస్సు, అధిపతి గురువు. గురువు పదకొండులో ఉండి అయిదో చూపుతో తన ధనుస్సుని చూస్తున్నాడు. అక్కాతమ్ముళ్ళ మధ్య ప్రేమ గట్టిగా ఉంటుంది. అయితే తులకి గురువు ఆరో ఇంటికి కూడా అధిపతి, ఆరు అంటే అప్పు. తోబుట్టువుల సంగతి చెప్పే గ్రహం, అంటే కారకుడు, అయిన కుజుడు చూస్తే ఆ ఆరో ఇంట్లోనే, మీనంలో ఉన్నాడు. కుజుడు ఈ లగ్నానికి రెండో ఇంటి అధిపతి కూడా, అంటే కుటుంబ ధనం. అతను మీనం నుంచి నాలుగో చూపుతో తొమ్మిదిని, ఏడో చూపుతో పన్నెండుని చూస్తున్నాడు. తొమ్మిదిలో ఉన్న శని కూడా పదో చూపుతో ఆ ఆరో ఇంటినే చూస్తున్నాడు.

అన్నీ ఒకే కథ చెబుతున్నాయి: ఈ చదువు అప్పుతో జరిగేది, ఆ అప్పుకి కుటుంబం డబ్బు హామీగా నిలబడేది, ఆ డబ్బులో తమ్ముడి వాటా కూడా ఉండేది. జాతకం చూసే చాలామంది అప్పు మాట వచ్చినప్పుడు ప్రయాణం ఆపేయమంటారు. నేనలా చెప్పను. ఆరో ఇంట్లో కుజుడు అప్పు తీర్చే సత్తా కూడా ఇస్తాడని శాస్త్రమే అంటుంది, పాపగ్రహాలకి మూడు, ఆరు, పదకొండు మంచి స్థానాలు. కానీ తమ్ముడితో మాట్లాడకుండా ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టకూడదని మాత్రం ఈ చక్రం గట్టిగా చెబుతోంది.

మీ జాతకంలో మూడో అధిపతికి ఆరు, ఎనిమిది, పన్నెండులతో సంబంధం ఉంటే, లేదా కుజుడు అక్కడ ఉంటే, మీరు కూడా ఈ పని చేయండి. బ్యాంకుల మామూలు పద్ధతిలో ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడుగుతారు, తిరిగి కట్టడం కోర్సు అయిన ఏడాదికి మొదలవుతుంది. ఆ ఏడాది మీ తమ్ముడో చెల్లెలో ఏ చదువులో ఉంటారో కాగితం మీద పక్కపక్కన రాయండి.

నమ్మకాల సంగతి

తొమ్మిది ధర్మస్థానం కాబట్టి దూరం వెళ్ళాక మీ ఆచారాలు, నమ్మకాలు ఏమవుతాయన్నది కూడా దానిలోనే ఉంటుంది. తొమ్మిది మీద గురువు చూపు ఉంటే అక్కడ కూడా ఒక గురువో గుడో దొరుకుతుందంటారు. ఈ అమ్మాయికి అక్కడ ఉన్నది శని, అధిపతి బుధుడు. ఎందుకు అని అడగనిదే ఏదీ నమ్మదు, ఒకసారి నమ్మితే వదలదు. తండ్రితో ఈ విషయంలో మాటా మాటా రావచ్చు. వెళ్ళే ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక 108 చేస్తానని మొక్కుకోమని ఇంట్లో అంటే, ఇష్టమైతే మనసారా చేయాలి, ఇష్టం లేకపోతే ఆ మాట మర్యాదగా చెప్పాలి. భయంతో చేసే మొక్కుని తొమ్మిదో ఇంటి బలంగా నేను లెక్కవేయను. వేలకి వేలు పోసి విదేశీ యోగ హోమం చేయించమని ఎవరైనా అంటే ఆ డబ్బు అప్లికేషన్ ఫీజుకి దాచుకోండి.

దశ లెక్క: ఎప్పుడు

ఒక్కో గ్రహానికి ఇన్నేళ్ళు అని కాలాన్ని పంచే పద్ధతి వింశోత్తరి. ఆ పెద్ద కాలం మహాదశ, దానిలోని చిన్న భాగం అంతర్దశ. అంతర్దశ లెక్క తేలిక. మహాదశ సంవత్సరాలని అంతర్దశ గ్రహం సంవత్సరాలతో గుణించి పదితో భాగిస్తే నెలలు వస్తాయి. బుధుడికి 17, రాహువుకి 18. 17ని 18తో గుణిస్తే 306, పదో వంతు 30.6 నెలలు, అంటే రెండున్నరేళ్ళ పైన.

ఈ జాతకంలో బుధ మహాదశ 2016 మేలో మొదలై 17 ఏళ్ళు నడుస్తుంది అనుకుందాం. ముందుకి వెళ్ళేముందు వెనక్కి చూడండి, ఈ మెట్టు దాటేయొద్దు. తమ్ముడు పుట్టింది 2010లో. అప్పుడు శని మహాదశలో కుజ అంతర్దశ. శని మూడో ఇంటిని చూస్తున్నాడు, కుజుడు తోబుట్టువుల కారకుడు, సరిపోయింది. మీ జాతకంలో కూడా చెల్లి పుట్టిన సంవత్సరం, మొదటిసారి హాస్టల్‌కి వెళ్ళిన సంవత్సరం, ఊరు మారిన సంవత్సరం తీసుకుని అప్పటి దశానాథులకి మూడు, నాలుగు, తొమ్మిది, పన్నెండులతో సంబంధం ఉందేమో చూడండి. రెండు మూడు ఘటనలు పూర్తిగా తప్పితే పుట్టిన టైములో తేడా ఉండొచ్చు, భవిష్యత్తు చదవడం అక్కడే ఆపండి. జరిగినవాటికే సరిపోని చక్రం జరగబోయేది చెప్పలేదు.

ఇప్పుడు ముందుకి. 2025 చివరినుంచి 2028 మధ్యదాకా బుధుడిలో రాహువు. రాహువు ఏడులో, గురువు చూపులో ఉన్నాడు, మహాదశ నాథుడేమో తొమ్మిది, పన్నెండుల అధిపతి. పరదేశ ప్రయాణానికి ఇది బాగా నప్పే కాలం. ఆ తర్వాత 2028 మధ్యనుంచి 2030 చివరి భాగందాకా గురు అంతర్దశ, మూడు, ఆరు ఇళ్ళ అధిపతి. అంటే తమ్ముడూ అప్పూ రెండూ ఒకేసారి ముందుకొస్తాయి. 2010లో పుట్టిన తమ్ముడు 2028లో ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగ్‌లో చేరతాడు. చూశారా, జాతకం పక్కన పెట్టినా ఇంటి లెక్క కూడా అదే చెబుతోంది.

గోచారం, అంటే ఇప్పుడు ఆకాశంలో గ్రహాలు తిరుగుతున్న చోటు, చివర్లో, తక్కువ బరువుతో చూడండి. చంద్రరాశి వృశ్చికం కాబట్టి 2026 జూన్ మొదటి వారంలో గురువు కర్కాటకంలోకి, అంటే చంద్రుడికి తొమ్మిదో ఇంట్లోకి వస్తాడు, అక్టోబరు చివరిదాకా ఉంటాడు. టెస్టులు రాయడానికీ, ప్రొఫెసర్లని రికమెండేషన్ అడగడానికీ మంచి నెలలు. అయితే ఆ కర్కాటకానికి అధిపతి చంద్రుడు వృశ్చికంలో నీచలో, అంటే బాగా బలం తగ్గి, ఉన్నాడు. మొదటి సెమిస్టర్లో ఒంటరితనం గట్టిగానే కొడుతుందని ముందే తెలుసుకోవాలి. ఒక్కతే గది తీసుకోకుండా నలుగురితో ఉండే ఇల్లు చూసుకోవడం ఇలాంటి చంద్రుడికి నేను చెప్పే మొదటి పరిహారం.

జాతకం చెప్పలేనివి

ఏ దేశం అన్నది దీన్నించి తేల్చొద్దు. మిథునానికి పడమర దిక్కు అని చెబుతారు, మనకి పడమర అంటే జర్మనీ కూడా, అమెరికా కూడా. జర్మనీ అయితే మన చదువు కాగితాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి, ట్యూషన్ ఫీజు చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉండదు. అమెరికా అయితే అప్పు చాలా పెద్దదవుతుంది. ఆరో ఇల్లు ఇంతగా మాట్లాడే జాతకంలో నేను చిన్న అప్పు ఉన్న దారివైపే మొగ్గుతాను, కానీ ఇది దేశం గురించి గ్రహాలు చెప్పిన మాట కాదు, అప్పు గురించి చెప్పిన మాట. అలాగే వీసా ఫలానా తేదీన వస్తుందని, ఫలానా యూనివర్సిటీ అడ్మిట్ ఇస్తుందని కూడా ఎవరూ చెప్పలేరు.

మొత్తమ్మీద ఈ అమ్మాయికి నేను చెప్పేది 2027 ఇన్‌టేక్. 2026లో గురువు కర్కాటకంలో ఉన్న నెలల్లో టెస్టులు, ఎస్ఓపీ సొంతంగా రాసుకోవడం. 2027లో, రాహు అంతర్దశకి ఇంకా ఏడాది మిగిలి ఉండగానే బయలుదేరడం. రెండేళ్ళ కోర్సు 2029లో అవుతుంది, వాయిదాలు 2030లో మొదలవుతాయి, అప్పటికి తమ్ముడు ఇంజనీరింగ్ మధ్యలో ఉంటాడు. కాబట్టి బ్యాంకుకి వెళ్ళకముందే, ఈ దసరా సెలవుల్లో, నాన్ననీ తమ్ముడినీ కూర్చోబెట్టి 2028 నుంచి 2032 దాకా అతని ఫీజు ఎక్కడినుంచి వస్తుందో రాసుకోవాలి. ఆ కాగితం కుదిరితే అప్లికేషన్ ఫీజు కట్టేయొచ్చు. కుదరకపోతే అప్పు మొత్తం తగ్గే కోర్సు వెతుక్కోవాలి, అప్పుడు కూడా ఇన్‌టేక్ 2027నే ఉంచుకోవచ్చు.